షట్టర్ కింద తాళం: డిస్క్ ఆపరేషన్ తర్వాత నా 12 వారాలు

మాది రేపల్లె వైపు ఒక ఊరు. ఎరువులు, పురుగుమందుల కొట్టు. వయసు 43. నడుము డిస్క్ జారి, ఎడమ కాలి నరాన్ని నొక్కేసి, రెండున్నర నెలలు నిద్ర లేకుండా చేశాక ఏప్రిల్ మధ్యలో గుంటూరులో ఆపరేషన్ చేయించుకున్నాను. ఎల్5–ఎస్1 అంటారే, నడుము వరసలో అన్నిటికన్నా కింద ఉండే డిస్క్, అది. చేసింది మైక్రోడిసెక్టమీ. వీపు మీద అంగుళంన్నర కోత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, నరం మీద పడ్డ ముక్కను మాత్రం తీసేస్తారు. రాడ్లు, స్క్రూలు ఏమీ వేయరు. స్క్రూలు వేసే ఆపరేషన్ అయినవాళ్ళ లెక్క వేరు, నేను రాసేది వాళ్ళకు పనికిరాదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మత్తులో ఉన్నాను. మెలకువ వచ్చేసరికి కాలి నొప్పి లేదు. తొడ వెనక నుంచి పిక్క మీదుగా మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు ఉండే నొప్పి ఒక్క పూటలో పోయింది. నన్ను తర్వాత ఇబ్బంది పెట్టింది కూడా సరిగ్గా ఇదే. నొప్పి పోయింది కాబట్టి నయమైపోయింది అనుకుంటాం.

డాక్టరుగారు రెండో రోజు రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేను ఏం వ్యాపారం చేస్తానో అడిగారు. చెప్పాక నవ్వి, "అయితే మీకు తేలిగ్గా చెప్పొచ్చు. బస్తా కుట్టు ఒకచోట ఊడి గుప్పెడు యూరియా బయటికొచ్చింది అనుకోండి. ఆ బయటికొచ్చింది నేను ఎత్తేశాను. కుట్టు మాత్రం వేయలేదు. వేయడానికి కుదరదు. అది దానంతటదే పూడాలి. పూడేలోపు బస్తాను ఎలా పడితే అలా తొక్కితే ఇంకో గుప్పెడు బయటికొస్తుంది" అన్నారు. డిస్క్‌కి బయట గట్టి పట్టీలాంటి వలయం, లోపల మెత్తని గుజ్జు. వలయం చిరిగిన చోట మచ్చ కట్టినట్టు కొత్త కణజాలం పెరిగి మూసుకుంటుంది. దానికి వారాలు పడుతుంది, గట్టిపడడానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. నూటికి 5 నుంచి 15 మందికి అదే చోట మళ్ళీ జారుతుందని కూడా ఆయనే చెప్పారు. జాగ్రత్తగా ఉన్నవాళ్ళకు కూడా కొందరికి జారుతుంది, అది మన చేతిలో లేదు అన్నారు.

డిశ్చార్జి కాగితం మీద నాలుగే ముక్కలు ఉన్నాయి. నడవండి, ఎక్కువసేపు కూర్చోవద్దు, వంగవద్దు, బరువులు ఎత్తవద్దు. మూడో వారంలో వచ్చి చూపించుకోండి. ఈ నాలుగు ముక్కలు ఇంట్లో, కొట్లో, బాత్రూంలో ఏమవుతాయో ఎవరూ చెప్పలేదు.

ముందు నడక సంగతి. ఆపరేషన్ అయిన సాయంత్రమే నర్సు నన్ను లేపి బాత్రూం దాకా నడిపించింది. లేవడం కూడా నేర్పింది. వెల్లకిలా పడుకుని ఉన్నవాణ్ణి లేచి కూర్చోబోతే ఆపింది. మోకాళ్ళు ముడుచుకోవాలి, భుజాలు, నడుము, మోకాళ్ళు అన్నీ కలిపి దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి, కాళ్ళు మంచం కిందికి జారుస్తూ మోచేత్తో ఒత్తి లేవాలి. పడుకోవడానికి అదే వెనక నుంచి ముందుకు. ఇప్పటికీ అలాగే లేస్తున్నాను, అలవాటైపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మతో పెద్ద గొడవ. "ఒరేయ్, వెన్నుపూస కోయించుకుని ఊళ్ళో తిరుగుతావా? మూడు నెలలు మంచం దిగకూడదు" అని. మా మేనమామకు ముప్పై ఏళ్ళ కిందట చేసినప్పుడు నెలన్నర పడుకోబెట్టారట. అప్పట్లో అలాగే చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఎందుకు చెప్పరంటే, పడుకుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, నడుము కండరాలు వారంలోనే సడలిపోతాయి, కోసిన చోట నరం చుట్టూ మచ్చ అతుక్కుని కదలకుండా పట్టేయవచ్చు. ఇదంతా అమ్మకు చెప్పి గెలవలేను కాబట్టి, ఆవిడ మధ్యాహ్నం పడుకున్నప్పుడు వసారాలో నడిచేవాణ్ణి. మూడో రోజు దొరికిపోయాను.

మొదటి వారం ఒక్కసారికి ఐదు నిమిషాలు, రెండు గంటలకోసారి, ఇంట్లోనే. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు 14 అడుగులు. రెండో వారం పావుగంట చొప్పున రోజుకు నాలుగుసార్లు, వీధి చివర రావిచెట్టు దాకా. ఎండాకాలం కాబట్టి పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఆరు దాటాక. నాలుగో వారానికి అరగంట ఆగకుండా నడవగలిగాను. ఆరో వారానికి కాలవ గట్టు మీద మూడు కిలోమీటర్లు. ఈ లెక్కలు నావి, మీవి వేరుగా ఉండొచ్చు. అంకెల కన్నా నాకు పనికొచ్చింది ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన ఒక గుర్తు. "సార్, ఎంత నొప్పి అని చూడొద్దు. ఎక్కడ నొప్పి అని చూడండి. నడిచాక నడుములో, కోత దగ్గర నొప్పి ఉంటే పర్లేదు. అది పిరుదులోకి, తొడలోకి, పిక్కలోకి దిగుతుంటే మాత్రం తగ్గించండి. కాల్లో ఉన్నది పైకి వెళ్ళి నడుము దగ్గర ఆగితే మంచిదే, నడుము కొంచెం ఎక్కువ నొప్పిగా అనిపించినా సరే."

నొప్పి పైకి పోతోందా కిందికి దిగుతోందా. ఆ 12 వారాలూ నేను ప్రతి రాత్రీ చూసుకున్నది ఇదొక్కటే.

పదో రోజున పిక్కలో మళ్ళీ చిమచిమలు మొదలయ్యాయి. గుండె జారిపోయింది. ఫోన్ చేస్తే, ఆపరేషన్‌లో పక్కకు జరిపిన నరం చుట్టూ వాపు ఉంటుంది, మొదటి రెండు మూడు వారాల్లో ఇలా వచ్చి పోవడం మామూలే అన్నారు. రెండు రోజుల్లో పోయింది.

ఇక కూర్చోవడం. దీని మీద ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెబుతారు. గుంటూరులో నా పక్క బెడ్ ఆయనకు వేరే డాక్టరు నెల రోజులు కూర్చోనే కూడదన్నారట. మా డాక్టరుగారు అరగంట దాకా పర్లేదన్నారు. ఎందుకీ తేడా అని అడిగితే ఆయన కొంచెం ఓపిగ్గా చెప్పారు. 1960ల్లో స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టరు డిస్క్‌లోకి సూది పెట్టి ఒత్తిడి కొలిస్తే నిలబడినప్పటికన్నా కూర్చున్నప్పుడు ఎక్కువ వచ్చింది. కూర్చోవద్దనే మాటకు అది పెద్ద ఆధారం అయింది. 1999లో జర్మనీ వాళ్ళు ఒక మనిషి డిస్క్‌లో సెన్సార్ ఉంచి రోజంతా కొలిస్తే, తేలిగ్గా కూర్చున్నప్పటి ఒత్తిడీ నిలబడినప్పటి ఒత్తిడీ ఇంచుమించు ఒకటే. అమెరికాలో 1990ల్లో ఒక సర్జన్ అయితే ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు ఏ ఆంక్షలూ పెట్టకుండా పంపి చూశారు, మళ్ళీ జారడం ఏమీ పెరగలేదు. "కాబట్టి కుర్చీ మీ శత్రువు కాదు. వంగి కూర్చోవడం, కదలకుండా కూర్చోవడం, అవి శత్రువులు. అయినా నేను కొంచెం జాగ్రత్త చెప్పే రకం" అన్నారు.

నాకు అర్థమైంది ఏమిటంటే, కూర్చోవడం కన్నా దేని మీద కూర్చుంటున్నాం అన్నదే అసలు సంగతి. మా ఇంట్లో సోఫా ఉంది, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి వస్తాయి. దాని జోలికి మూడు నెలలు పోలేదు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు. మొదటి వారం అన్నం తినేంతసేపు, అంటే పావుగంట, ఇరవై నిమిషాలు. కింద కూర్చుని తినే అలవాటు మాది. పీట వేస్తే కూర్చోగలననిపించింది కానీ లేవడం ఎలాగో అర్థం కాక మానేశాను. ఇప్పటికీ బల్ల మీదే.

అసలు కష్టం బాత్రూంలో వచ్చింది. మాది ఇండియన్ టాయిలెట్. గొంతుక్కూర్చుంటే నడుము పూర్తిగా గుండ్రంగా వంగుతుంది, లేచేటప్పుడు బలం పెట్టాలి. మెడికల్ షాపులో మధ్యలో కంత ఉండే కమోడ్ కుర్చీ కొని దాని మీద వేశాం. ఆపరేషన్‌కు ముందే కొని ఉంచుకోవాల్సింది, ఇంటికొచ్చిన రాత్రి దాని కోసం మా బావమరిది రేపల్లె అంతా తిరిగాడు. పైగా నొప్పి బిళ్ళలకు మలబద్ధకం వస్తుంది. ముక్కితే డిస్క్ మీద ఒత్తిడి. నాలుగో రోజుకే ఇసబ్‌గోల్ పొడి, గ్లాసుల కొద్దీ మజ్జిగ మొదలుపెట్టాను. దగ్గు, తుమ్ము కూడా అంతే. గుంటూరు వైపు వంటిల్లు, ఎండుమిర్చి తాలింపు వేస్తే వీధిలో వాళ్ళు తుమ్ముతారు. మొదటిసారి తుమ్మినప్పుడు ముందుకు వంగిపోయి నడుములో మెరుపు మెరిసినట్టయింది. తర్వాత తుమ్ము వస్తోందనగానే గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, పొట్ట బిగించి తుమ్మడం నేర్చుకున్నాను. మా ఆవిడ తాలింపు వేసే ముందు "ఏవండీ, వేస్తున్నా" అని కేకేసేది, నేను గోడ దగ్గరికి పరిగెత్తే... పరిగెత్తేవాణ్ణి కాదు లెండి, నడిచేవాణ్ణి.

స్నానానికి బకెట్టు నేల మీద ఉంటే చెంబు చెంబుకూ వంగాలి. బకెట్టును స్టూలు మీద పెట్టారు. కుట్లు 12వ రోజున తీసేశారు, అప్పటిదాకా కోత తడవకుండా ఒళ్ళు తుడుచుకోవడమే. ఎవరో ఒకాయన నూనె మర్దన చేయించమని సీసా కూడా తెచ్చిచ్చాడు. కోత పూర్తిగా మానకుండా నూనె పెట్టడం, నడుము పిసికించడం రెండూ వద్దన్నారు. ఆ సీసా అమ్మ మోకాళ్ళకు వాడుకుంది.

బెల్టు సంగతి ఒక్క మాట. ప్రయాణంలో మాత్రం పెట్టుకోమన్నారు. రోజంతా పెట్టుకుంటే కండరాలు సోమరులైపోతాయి. గుంటూరు నుంచి ఇంటికి గంటా పావు కారు ప్రయాణం, ముందు సీటు వెనక్కి వాల్చుకుని, మధ్యలో ఒకచోట ఆపించి ఐదు నిమిషాలు నడిచి వచ్చాను. ఆటో అయితే వద్దనే చెబుతాను, మా రోడ్డు మీద ఉన్న స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టినవాణ్ణి. బండి ఎనిమిదో వారం దాకా ముట్టుకోలేదు.

బరువుల దగ్గరికి వస్తాను. మా కొట్లో బరువు తెలుసుకోవడానికి కాటా అక్కర్లేదు, ప్రతి దాని మీదా రాసే ఉంటుంది. పురుగుమందు లీటరు సీసా, సుమారు కిలో. అలాంటివి పది ఉన్న అట్టపెట్టె, పది కిలోల పైన. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. నాకు చెప్పింది మొదటి రెండు వారాలు రెండు కిలోలు దాటొద్దు, ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు, ఆ తర్వాత కొంచెం కొంచెంగా, 12 వారాలకు ముందు పెద్ద బరువు జోలికి పోవద్దు అని. ఇళ్ళల్లో లెక్క కావాలంటే, 20 లీటర్ల వాటర్ క్యాన్ 20 కిలోల పైనే. నిండు గ్యాస్ బండ, గ్యాసూ ఇనుమూ కలిపి 30 దాకా ఉంటుంది. నడిచే వయసు బిడ్డ పది కిలోలు, పైగా వాళ్ళు చెప్పి ఎక్కరు.

కానీ ఈ కిలోల లెక్కే నన్ను దారి తప్పించింది. బరువు అంటే చేతిలో ఉన్నదే అనుకున్నాను. నాలుగో వారం నుంచి రోజూ కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాను, పొద్దున రెండు గంటలు. కౌంటర్ వెనక కుర్చీ, అరగంటకోసారి లేచి గోడౌన్ దాకా నడక. రైతు వేలిముద్ర వేయడానికి మిషన్ ముందుకు జరపడం, బిల్లు ఇవ్వడం, అంతే పని. బస్తాలన్నీ కుర్రాడు మోసేవాడు. నేను చాలా పద్ధతిగా ఉన్నాననే అనుకున్నాను.

ఐదో వారం, ఒక శుక్రవారం. కుర్రాడు ఆలస్యంగా వస్తానని ఫోన్ చేశాడు. ఇద్దరు రైతులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. కాలి నొప్పి లేక నెల దాటింది. తాళం తీద్దాం, అందులో బరువేముంది అనుకున్నాను. షట్టర్ తాళం ఎక్కడుంటుంది? నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో. రెండు వైపులా రెండు. కుడి వైపుది తీశాను. ఎడమ వైపుది తుప్పు. దానికోసం నడుము వంచి, పక్కకు తిరిగి, బలంగా మెలిపెట్టాను. వచ్చింది. అదే ఊపులో హ్యాండిల్ పట్టి షట్టర్‌ను ఒక్క గుంజు గుంజాను. గ్రీజు లేని షట్టర్, సగంలో పట్టేసింది. ఇంకో గుంజు.

అప్పుడు ఏమీ కాలేదు. బిల్లులు రాశాను, ఇంటికొచ్చాను, అన్నం తిన్నాను. సాయంత్రం ఐదింటికి పిరుదులో మొదలై, ఏడింటికి తొడ దాటి పిక్కలోకి దిగింది. అదే పాత నొప్పి, అదే దారి. పదికి పది కాదు, ఐదో ఆరో ఉంటుంది. కానీ భయం మాత్రం పదికి పది.

ఆ రాత్రి డాక్టరుగారు ఫోన్లో వరసగా అడిగినవి రాస్తున్నాను, ఎందుకంటే ఏది ఆగేదో ఏది ఆగనిదో తేలేది ఆ ప్రశ్నలతోనే. మూత్రం మామూలుగా వస్తోందా, వచ్చినట్టు తెలుస్తోందా? మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు తిమ్మిరి ఉందా? ఈ రెండిట్లో దేనికి సమాధానం తేడాగా ఉన్నా, రాత్రి ఎంతైనా సరే బయలుదేరి రమ్మన్నారు. అక్కడ నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతుంటే గంటలు కూడా లెక్కే. నాకు లేవు. ఎడమ కాలి మునివేళ్ళ మీద ఒంటికాలితో లేవగలుగుతున్నారా? గోడ పట్టుకుని చూశాను. నిన్నటిలాగే, కష్టంగా రెండుసార్లు. అంటే బలం కొత్తగా తగ్గలేదు. జ్వరం ఉందా, కోత దగ్గర ఎరుపు, చీము? లేవు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య కాలి నొప్పి లేకుండా ఒక్క నడుమే భరించలేనంతగా, మంచం మీద పక్కకు తిరగనీయనంతగా నొప్పి వస్తే డిస్క్‌లో ఇన్‌ఫెక్షన్ అనుమానించి రక్తపరీక్ష చేయాలట, నాది అలా లేదు. లేచి నిలబడితే తలనొప్పి వచ్చి పడుకుంటే పోతోందా? లేదు. అలా ఉంటే వెన్నులో నీరు కారుతుందేమో చూడాలట.

మర్నాడు వెళ్ళాను. బల్ల మీద పడుకోబెట్టి ఎడమ కాలు నిటారుగా పైకి ఎత్తారు. మూడో వారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు 70 డిగ్రీల దాకా వచ్చిన కాలు ఇప్పుడు 50 దగ్గర లాగింది. పాదం బలం చూశారు, మారలేదు. నేను ఎమ్మారై తీయించమన్నాను. ఆయన వద్దన్నారు. ఐదు వారాలకు ఆ చోట వాపు, మచ్చ, పాత డిస్క్ అన్నీ ఒకదానిలో ఒకటి కలిసి కనిపిస్తాయి, ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసినా భయపెట్టేలాగే ఉంటుంది, బలం తగ్గుతున్నా పది రోజుల్లో నొప్పి తగ్గకపోయినా అప్పుడు రంగు మందు ఎక్కించి తీద్దాం అన్నారు. పది రోజులు బిళ్ళలు, కూర్చోవడం మళ్ళీ ఇరవై నిమిషాలకు, నడక సగానికి. నడక ఆపొద్దన్నారు.

మూడో రోజుకు నొప్పి పిక్క వదిలి తొడకు వచ్చింది. ఆరో రోజుకు నడుములో ఆగింది. పైకి పోతోంది. ఆ రాత్రి నిద్రపోయాను.

తర్వాత ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు ఈ కథ చెబితే ఆ అమ్మాయి నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీసింది. ఆ జర్మనీ కొలతలవే. నిలబడితే ఒకటి అనుకోండి. చేతిలో ఏమీ లేకుండా ముందుకు వంగితేనే రెండుకు పైన. 20 కిలోలు ఒంటికి ఆనించి పట్టుకుని నిటారుగా నిలబడినా రెండుకు కొంచెం పైన. అదే 20 కిలోలు నడుము గుండ్రంగా వంచి ఎత్తితే నాలుగున్నర. "చూశారా సార్, ఉత్త చేతులతో వంగడమూ, 20 కిలోలు పట్టుకుని నిలబడడమూ దాదాపు ఒకటే. మీరు వంగడమే కాదు, తిరిగారు, గుంజారు కూడా."

నేను నాలుగు కిలోలు దాటలేదని గొప్పలు చెప్పుకుంటున్నానే గానీ, రోజుకు ఎన్నిసార్లు వంగుతున్నానో ఒక్క పూట లెక్కపెడితే తెల్లబోయాను. చెప్పులు సరిచేసుకోవడానికి, కింది అరలో సీసా తీయడానికి, పడిపోయిన పెన్ను కోసం, కుక్కను అదిలించడానికి రాయి కోసం. కింది రెండు అరల సరుకంతా పైకి మార్పించాను. చెప్పులు పట్టీ లేనివి. పెన్నుకు దారం కట్టాను, బ్యాంకులో లాగా. షట్టర్‌కు గ్రీజు పెట్టించి, తాళాలు కుర్రాడికి అప్పజెప్పాను.

వ్యాయామాలు ఆ నొప్పి తగ్గాకే మొదలయ్యాయి, ఆరో వారం చివర. పెద్దవేమీ కావు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకి లేపి పది లెక్కపెట్టడం. చేతులూ మోకాళ్ళ మీద ఆవులా నిలబడి, ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం, వీపు మీద నీళ్ళ గ్లాసు పెడితే ఒలకకూడదు అన్నట్టు. ఎనిమిదో వారం నుంచి ఎత్తడం నేర్పింది. రెండు లీటర్ల మందు డబ్బాతో మొదలు. దగ్గరికి వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, పొట్టకు ఆనించుకుని లేవాలి. పక్కన పెట్టాలంటే నడుము తిప్పకూడదు, పాదాలతో తిరగాలి. వారానికి రెండు మూడు కిలోలు పెంచుతూ 12వ వారానికి పది సీసాల అట్టపెట్టెకు వచ్చాను. మోకాళ్ళు వంచి ఎత్తితే ఒత్తిడి తగ్గుతుందిగానీ పోదు, ఆ కొలతల్లోనే మోకాళ్ళు వంచి ఎత్తినా మూడున్నర దాకా వచ్చింది. అందుకే 45 కిలోల బస్తా గురించి అడిగితే ఆ అమ్మాయి మొహమాటం లేకుండా "మీ కుర్రాడికి జీతం ఇస్తున్నారుగా సార్" అంది.

పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు అనేది పని బట్టే. కుర్చీలో కూర్చునే ఉద్యోగమైతే రెండు నుంచి నాలుగు వారాలు, మోత పనైతే 8 నుంచి 12 వారాలు, అదీ పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు అని డాక్టరుగారి లెక్క. నాది రెండూ కలిసిన పని. నాలుగో వారం నుంచి రెండు గంటలు, షట్టర్ దెబ్బతో పది రోజులు గండి, ఏడో వారం నుంచి ఒక పూట, జూలై మొదట్లో 12 వారాలు నిండాక రోజంతా. ఆగస్టులో వరికి యూరియా పైపాటుగా వేసే రద్దీకి నిలబడగలిగాను. ఆపరేషన్ ఏప్రిల్లో చేయించుకోవడం ఒక్కటి నేను తెలివిగా చేసిన పని. జూన్ దాకా ఆగుంటే సీజన్ అంతా మంచం మీదుండేవాణ్ణి. ఇప్పుడు అర లీటరు సీసాలో నానో యూరియా వస్తోంది, పంటకు బస్తాతో సమానంగా పనిచేస్తుందా లేదా అని రైతులు వాదించుకుంటుంటారు. నా నడుము మాత్రం ఎప్పుడో తేల్చేసుకుంది.

కాలు విషయానికొస్తే, నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది, తిమ్మిరి అన్నిటికన్నా ఆఖరు అని ముందే చెప్పారు. అలాగే జరిగింది. ఒంటికాలి మునివేళ్ళ మీద లేవడం ఆరో వారంలో మూడుసార్లు, మూడు నెలలకు 12. కుడి కాలితో 20 లేస్తాను. తిమ్మిరి పిక్క దాకా ఉండేది, ఆరు నెలలయ్యేసరికి పాదం బయటి అంచు, చిటికెన వేలు మిగిలాయి. అక్కడ చీమ కుట్టినా తెలియదు. మొన్న కొట్టు మెట్లెక్కి లోపలికొచ్చి పది నిమిషాలు బిల్లులు రాశాక, ఒక ముసలి రైతు నా ఎడమ చెప్పు పట్టుకుని లోపలికొచ్చాడు. "అబ్బాయ్, ఇది మెట్ల మీద వదిలేసి వచ్చావు" అన్నాడు. వంగి నా కాలి దగ్గర పెట్టబోతుంటే నేనే వద్దని, స్టూలు మీద పెట్టమన్నాను.